ప్యాకెట్ మీద వెయ్యి, బట్టలో ఎంత? కాటన్ దుప్పటి లెక్కలు

నెల్లూరు ట్రంక్ రోడ్డులోనో ఒంగోలు బజారులోనో దుప్పటి కొనేటప్పుడు ఇదివరకు రంగు, సైజు, ధర, ఈ మూడే మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు నాలుగోది కూడా వచ్చి చేరింది. అదే టీసీ, అంటే థ్రెడ్ కౌంట్. కొట్టులో 144, 180, 210, 300 అని చెబుతారు. ఫోన్‌లో వెతికితే 500, 800, 1000 కూడా కనిపిస్తాయి, అదీ కొన్నిసార్లు 300 టీసీ దుప్పటి కన్నా తక్కువ ధరకే. నంబరు పెరిగితే దుప్పటి మెత్తగా ఉంటుందని, ఎక్కువ కాలం మన్నుతుందని కొనేవాళ్ల నమ్మకం. అమ్మేవాళ్లు ఆ నమ్మకాన్ని చెదరనివ్వరు.

నిజానికి టీసీ ఒక్కటే చెబితే సగం సమాచారం కూడా చెప్పినట్టు కాదు. నూలు ఎంత సన్నం, ఏ నేత అన్నవి కూడా తెలిస్తేనే ఆ నంబరుకు అర్థం వస్తుంది. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఎంత గట్టిగా అంటే, ఇంట్లో వంటకు వాడే చిన్న తూకం మెషిన్, ఒక టేపు ఉంటే చాలు, ప్యాకెట్ మీద ఉన్న నంబరు సాధ్యమో కాదో చాలావరకు పది నిమిషాల్లో తేలిపోతుంది.

ముందు టీసీ సంగతి. ఒక చదరపు అంగుళం బట్ట తీసుకుని, అందులో నిలువుగా ఉన్న పడుగు పోగుల్ని, అడ్డంగా ఉన్న పేక పోగుల్ని లెక్కపెట్టి కలిపితే వచ్చేదే టీసీ. అంగుళానికి పడుగు 110, పేక 90 ఉంటే అది 200 టీసీ. అంతకు మించి అందులో ఏమీ లేదు. అది నాణ్యతకు ఇచ్చిన మార్కు కాదు, పోగుల సంఖ్య మాత్రమే.

ఇక నూలు నంబరు. వెంకటగిరిలో, చీరాలలో, కోవూరు పక్కన పాటూరులో మగ్గం ఉన్న ఏ ఇంట్లో అడిగినా దీని గురించి చెబుతారు. వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి గానీ, 2022 దాకా ఒకటి నెల్లూరుది, ఒకటి ప్రకాశానిది. 840 గజాల నూలును ఒక చిలపగా లెక్కగడతారు. ఒక పౌను బరువుకు అలాంటి చిలపలు ఎన్ని తూగితే ఆ నూలు నంబరు అంత. 40 నంబరు నూలంటే పౌనుకు 40 చిలపలు, అంటే 33,600 గజాలు. కిలోమీటర్లలో చెప్పాలంటే, అర కిలో కూడా లేని నూలు ముప్పై కిలోమీటర్ల పొడవున్నట్టు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. 20 నంబరు ముతక, 40 మధ్యరకం, 60 సన్నం. 100 నంబరు నూలు వెంకటగిరి చీరల్లాంటి పల్చటి బట్టకు వాడేది.

దుప్పటి ప్యాకెట్ మీద టీసీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నూలు నంబరు మాత్రం చాలావాటి మీద అసలు ఉండదు. కొనేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఆ లేని నంబరే.

మూడు దుప్పట్లు, ఒకటే బరువు

ఒక చిన్న సూత్రం తెలిస్తే మిగతాదంతా సులువు. టీసీని నూలు నంబరుతో భాగించి, వచ్చినదాన్ని 25తో గుణిస్తే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములుంటుందో వస్తుంది. దీన్నే జీఎస్ఎం అంటారు. నూలు నేతలో పైకీ కిందికీ వంగుతూ పోతుంది కాబట్టి బట్ట పొడవు కన్నా కొంచెం ఎక్కువ నూలు పడుతుంది. ఆ కాస్త అదనం కూడా 25లో కలిసే ఉంది. పడుగుకు ఒక నంబరు, పేకకు ఒక నంబరు నూలు వాడితే విడివిడిగా లెక్కవేసి కలపాలి. రెండూ ఒకటే అయితే ఒక్కసారి వేస్తే చాలు.

డబుల్ కాట్ దుప్పటి 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు అనుకుందాం. విస్తీర్ణం 5.8 చదరపు మీటర్లు. ఇప్పుడు మూడు దుప్పట్లు తీసుకుందాం. మొదటిది 30 నంబరు నూలుతో 144 టీసీ. రెండోది 40 నంబరుతో 200 టీసీ. మూడోది 60 నంబరుతో 300 టీసీ. సూత్రం ప్రకారం చూస్తే మొదటిది చదరపు మీటరుకు 120 గ్రాములు, మిగతా రెండూ 125 గ్రాములు. మొత్తం దుప్పటి బరువు మూడింటికీ దాదాపు ఒకటే, ఏడు వందల గ్రాములకు అటూ ఇటూ.

అంటే 144 నుంచి 300కు వెళ్లినప్పుడు దుప్పటిలో పత్తి ఏమీ పెరగలేదు. అదే పత్తిని ఇంకా సన్నగా వడికి, ఇంకా దగ్గర దగ్గరగా నేశారు. ధర పెరగడానికి కారణం వేరే ఉంది. సన్నగా వడకాలంటే పొడుగు పింజ పత్తి కావాలి. దాన్ని దువ్వి పొట్టి పీచును తీసేయాలి, దీన్నే కోంబింగ్ అంటారు. మిల్లులో, మగ్గం మీద సమయం ఎక్కువ పడుతుంది. ఇదంతా నిజమైన ఖర్చే. కాకపోతే ఆ ఖర్చుతో కొన్నది నునుపు. మన్నిక కూడా అదే లెక్కన పెరిగిందనుకుంటే పొరపాటు.

ఎందుకంటే పోగు అడ్డుకోతలో ఎన్ని పీచులున్నాయో చూడాలి. మామూలు మధ్యరకం పత్తితో వడికితే 30 నంబరు పోగులో 120కి పైగా పీచులుంటాయి. 40 నంబరులో తొంభై పైచిలుకు. 60 నంబరులో అరవై పైచిలుకు. ఆ పీచులు ఒకదానికొకటి మెలితిరిగి పట్టుకుని ఉండటమే పోగు బలం. రాత్రంతా ఒళ్లు పొర్లడం వల్ల, మెషిన్‌లో తిరగడం వల్ల, ఉతుకు బండ మీద రుద్దడం వల్ల రోజూ కొన్ని పీచులు తెగి రాలిపోతుంటాయి. 120 ఉన్న పోగులో ముప్పై పోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. అరవై ఉన్నదాంట్లో ముప్పై పోతే సగం పోగే మిగులుతుంది. అందుకే 60 నంబరు పైన మంచి దుప్పటి కావాలంటే పొడుగు పింజ పత్తి తప్పనిసరి. పీచు సన్నగా ఉంటే అదే మందంలో ఎక్కువ పీచులు పడతాయి, పొడుగ్గా ఉంటే ఒక్కో పీచుకు పట్టు ఎక్కువ. మామూలు పత్తితోనే లాగి లాగి సన్నగా వడికిన 60 నంబరు నూలు కొట్టులో బాగానే అనిపిస్తుంది. నాలుగు ఉతుకులయ్యాక దాని మీద చిన్న చిన్న ఉండలు లేస్తాయి. అవి పొట్టి పీచులు బయటికి వచ్చి చుట్టుకున్నవి.

మరి స్పర్శ? పోగు సన్నబడితే వంగే గుణం చాలా పెరుగుతుంది, అందుకే 60 నంబరు దుప్పటి ఒంటి మీద జారుతున్నట్టుంటుంది. 30 నంబరుది కొత్తలో కరుగ్గా ఉంటుంది, పడుకుంటే పోగులు తెలుస్తాయి. కానీ అది ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. ఇళ్లల్లో పదేళ్లుగా వాడుతున్న, ఎవరికీ పారేయ మనసొప్పని పాత దుప్పట్లు చాలావరకు ఈ రకానివే.

సాదా నేత, శాటీన్ నేత

నూలు, పోగుల సంఖ్య ఒకటే ఉంచి నేత ఒక్కటే మార్చినా దుప్పటి పూర్తిగా వేరేది అవుతుంది.

సాదా నేతలో పడుగు పోగు ఒక పేక పోగు మీదుగా, తర్వాతి దాని కిందుగా, మళ్లీ మీదుగా వెళుతుంది. కాస్త సన్న నూలుతో దట్టంగా నేసిన సాదా దుప్పటినే మార్కెట్లో పర్కేల్ అంటారు. శాటీన్ నేతలో పడుగు పోగు నాలుగు పేక పోగుల మీదుగా దాటి, ఐదోదాని కిందికి దూరుతుంది. ఐదు పేకల దూరంలో సాదా నేతలో పోగు ఐదుసార్లు దిశ మారితే, శాటీన్‌లో రెండుసార్లే మారుతుంది. నాలుగు పేకల పొడవున పోగు పైన తేలుతూ ఉంటుంది. వెలుగు ఆ తేలే పోగుల మీద పడి మెరుస్తుంది. చెయ్యి వేస్తే అడ్డు తగలకుండా జారుతుంది. శాటీన్ దుప్పటి తడమగానే పట్టులా అనిపించడానికి కారణం ఇదే, ఇందులో పట్టు ఏమీ లేదు. ట్విల్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. జీన్స్ ప్యాంటు మీద కనిపించే ఏటవాలు గీతలు దుప్పటి మీద కనిపిస్తే అది ట్విల్.

మన ఎండల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. శాటీన్ నునుపుగా ఉండటం వల్ల ఒంటికి ఎక్కువ చోట ఆనుతుంది. కొట్టులో ఏసీలో చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది, ఎందుకంటే చేతిలో వేడిని ఒక్కసారిగా లాగేస్తుంది. ఆ చల్లదనం కొన్ని నిమిషాలే. రోహిణీ కార్తెలో, సముద్రం గాలి చెమ్మతో బరువెక్కిన రాత్రి, చెమట పట్టిన ఒంటికి అదే నునుపు అంటుకుపోతుంది. పోగులు దట్టంగా ఉండటంతో గాలి కూడా సరిగ్గా ఆడదు. 30, 40 నంబరు సాదా నేత బట్ట పైభాగం కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఒంటికి తక్కువ చోట తగులుతుంది, పోగుల మధ్య సందుల్లోంచి గాలి పోతుంది. ఏసీ లేని గదికి, మిద్దె మీద పడకకు 144 నుంచి 210 మధ్య సాదా నేత దుప్పటే హాయి. ఏసీ గదిలో మాత్రం 300 టీసీ శాటీన్ బాగుంటుంది. చెమట లేనప్పుడు దాని నునుపు సుఖంగానే ఉంటుంది, పైగా అది సాదా నేత కన్నా కాస్త వెచ్చగా ఉంటుంది.

మన్నిక సంగతికి వస్తే కాస్త తిరకాసు ఉంది. బట్టల కొట్టులో సాదా నేత తాను అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పర్రున చింపడం అందరూ చూసేదే. గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది. సాదా నేతలో పోగులు గట్టిగా బిగుసుకుని ఉంటాయి, పక్కకు జరగలేవు, అందుకని ఒక్కొక్కటిగా తెగుతూ పోతాయి. శాటీన్‌లో పోగులకు కదిలే వీలుంది. చింపబోతే నాలుగైదు ఒకచోటికి చేరి కలిసి తట్టుకుంటాయి. కాబట్టి చింపడానికి శాటీన్ గట్టిది. కానీ దుప్పట్లను ఎవరూ చింపరు, అవి అరిగిపోతాయి. అరుగుదలలో శాటీన్‌ది వెనకడుగే. పైన తేలే పోగు మీదే రాపిడంతా పడుతుంది. కాలి గోరు, గాజు, మెట్టె, వడ్రాణం కొక్కెం, దేనికైనా ఆ పోగు తగులుకుని లేస్తుంది. సాదా నేతలో పోగు ప్రతి అడుగుకూ లోపలికి దూరి దాక్కుంటుంది.

పాత దుప్పటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఎక్కడ అరిగిందో కనిపిస్తుంది. నడుము, భుజాలు ఆనే చోట బట్ట పల్చబడి ఉంటుంది. కాళ్ల దగ్గర మడమ రాసుకునే చోట రెండు మచ్చలుంటాయి. ఆ పల్చబడ్డ చోట చివరికి చిరుగు ఏ దిక్కున పడిందో గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. చిరుగు ఎక్కువగా నిలువునా పడుతుంది. నిలువునా చిరిగిందంటే తెగినవి అడ్డంగా ఉన్న పేక పోగులు. చాలా దుప్పట్లలో పడుగు ఎక్కువ, పేక తక్కువ. పడుగు 133, పేక 72 పెట్టి 205 టీసీ చేయవచ్చు. పడుగు 110, పేక 90 పెట్టి 200 చేయవచ్చు. ప్యాకెట్ మీద మొదటిది పెద్ద నంబరు. మంచం మీద రెండోదే ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఎందుకంటే దాని పేక బలహీనంగా లేదు. మగ్గం మీద పడుగు ఒక్కసారి ఎక్కించాక ఆ తర్వాత పడే ఖర్చంతా పేక కొట్టడంలోనే. పేక తగ్గిస్తే అదే సమయంలో ఎక్కువ గజాలు దిగుతాయి. అందుకే మిగుల్చుకునే చోటు అదే.

వెయ్యి ఎక్కడ నుంచి వచ్చింది

ఇప్పుడు ఆ 1000 టీసీ దగ్గరికి వద్దాం. 90, 100 అంగుళాల అదే దుప్పటిని, దిండు గలీబులు పక్కన పెట్టి తూకం మెషిన్ మీద పెడితే 700 గ్రాములు వచ్చిందనుకుందాం. 5.8తో భాగిస్తే చదరపు మీటరుకు 120 గ్రాములు. సూత్రాన్ని తిరగేస్తే, వెయ్యిని 25తో గుణించి 120తో భాగించాలి. నూలు నంబరు 208 వస్తుంది. వెంకటగిరి చీర నూలు కన్నా రెండింతలు సన్నం. అంత సన్నటి కాటన్ నూలుతో మామూలు ధరకు దుప్పటి నేయడం అయ్యే పని కాదు. పోనీ 100 నంబరు నూలుతో నిజంగా 1000 పోగులు పెట్టారనుకున్నా చదరపు మీటరుకు 250 గ్రాములు, దుప్పటి బరువు కిలోన్నర దాకా ఉండాలి. 60 నంబరుతో అయితే రెండు కిలోల పైమాటే. 700 గ్రాముల దుప్పటి మీద 1000 అని ఉంటే రెండిట్లో ఒకటి నిజం. అది కాటన్ కాదు, లేదా ఆ నంబరు ఉత్తిది.

కాటన్ కాకపోవడం తరచూ జరిగేదే. పాలిస్టర్ మైక్రోఫైబర్ పోగును పత్తి పీచు కన్నా సన్నగా తీయవచ్చు. ఒక పోగులో డజన్ల కొద్దీ తంతువులుంటాయి, వాటిని విడివిడిగా లెక్కపెడితే ఎంత నంబరైనా వస్తుంది. గ్లేస్ కాటన్ అని అమ్మేవాటిలో చాలావాటిది ఇదే కథ. అంచున ఒక పోగు లాగి వెలిగిస్తే తెలిసిపోతుంది. పత్తి కాగితం కాలిన వాసనతో కాలి, వేళ్ల మధ్య నలిపితే బూడిద అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి నల్లటి గట్టి పూస అవుతుంది. రెండూ కలిసిన బట్టలో బూడిదా, గట్టి ముక్కలూ కలిసి వస్తాయి.

కాటనే అయినప్పుడు జరిగే మాయ వేరు. రెండు సన్న పోగుల్ని కలిపి పురిపెట్టి ఒక పోగు చేస్తారు. 80 నంబరు పోగులు రెండు పురిపెడితే మందంలో అది 40 నంబరు పోగుతో సమానం. అంగుళంలో పడుగు పేక కలిపి అలాంటివి 250 ఉన్నాయి. బట్ట 250 టీసీ. కానీ ఒక్కో పోగులో రెండున్నాయి కదా అని 500 రాస్తారు. నాలుగు పోగులు పురిపెడితే వెయ్యి అయిపోతుంది. ఇంకో పద్ధతిలో, పేక వేసేటప్పుడు ఒక్కో దెబ్బకు నాలుగైదు సన్న పోగుల్ని పక్కపక్కనే కలిపి పంపి, అన్నిటినీ లెక్కలో వేస్తారు. పురిపెట్టిన పోగును ఒకటిగానే లెక్కించాలన్నది బట్టల పరీక్షల్లో అందరూ పాటించే పద్ధతి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అధికారులు కూడా 2005లో అక్కడి జౌళి పరిశ్రమ సంఘానికి రాసిన లేఖలో, పురిలోని పోగుల్ని విడిగా లెక్కపెట్టి పెద్ద నంబరు వేస్తే కొనేవాళ్లు మోసపోయే అవకాశముందని చెప్పారు.

ఇక్కడ తూకం మెషిన్ చేతులెత్తేస్తుంది. 80 నంబరు ఒంటిపోగులు 500 ఉన్న బట్టా, ఇలా రెండేసి పురిపెట్టిన 250 పోగుల బట్టా సూత్రం ప్రకారం ఒకటే బరువు, చదరపు మీటరుకు 156 గ్రాములు, దుప్పటి మొత్తం 900 గ్రాములు. పత్తి ఒకటే కాబట్టి బరువులో తేడా ఉండదు. అప్పుడు సాయపడేది నేత.

సాదా నేతకు ఒక హద్దు ఉంది. 40 నంబరు పోగు మందం అంగుళంలో సుమారు 177వ వంతు. పక్కపక్కనే పేరిస్తే అంగుళానికి 177 పడతాయి. అయితే సాదా నేతలో ప్రతి రెండు పడుగు పోగుల మధ్యా పేక పోగు పైనుంచి కిందికి దిగాలి, దానికీ చోటు కావాలి. ఆ చోటు వదిలాక అంగుళానికి నూరు మాత్రమే మిగులుతాయి. రెండు వైపులా కలిపి 200. ఇదే లెక్కన 60 నంబరుకు 250, 80 నంబరుకు 290, 100 నంబరుకు 320 దాకా వస్తుంది. పడుగును కిక్కిరిసేలా పెట్టి పేకను తగ్గిస్తే కాస్త మించవచ్చు, రెండింతలు మాత్రం కాలేదు. అందుకే పర్కేల్ అని, 500 టీసీ అని ఒకే ప్యాకెట్ మీద రాసి ఉంటే, పురిలోని పోగుల్ని లెక్కపెట్టారని ప్యాకెట్ విప్పకుండానే చెప్పవచ్చు. శాటీన్‌లో పోగులు తక్కువసార్లు దిశ మారతాయి కాబట్టి దిగే చోటు తక్కువ అవసరం, ఇంకా దగ్గరగా కుక్కవచ్చు. మంచి సన్న నూలుతో శాటీన్‌లో 400, ఇంకొంచెం పైన కూడా నిజంగానే సాధ్యం. 800, 1000 దగ్గరకు వచ్చేసరికి పురి లెక్క గానీ, కట్టగట్టి పంపిన పేక గానీ లేకుండా కుదరదు.

ఇంకా అనుమానముంటే కళ్లతోనే లెక్కపెట్టవచ్చు. దుప్పటి మీద ప్లాస్టిక్ స్కేలు పెట్టి, ఫోన్‌ను దగ్గరగా తెచ్చి ఫొటో తీసి, పెద్దది చేసుకుని ఒక సెంటీమీటరులో ఎన్ని పోగులున్నాయో చూడాలి. నిలువుగా 43, అడ్డంగా 35 వస్తే, రెండింటినీ 2.54తో గుణిస్తే 109, 89. కలిపి 198, అంటే 200 టీసీ. వెలుతురు పక్క నుంచి పడితే పోగులు బాగా విడిపడి కనిపిస్తాయి. శాటీన్ మీద ఇది కష్టం, తేలే పోగులు పేకను కప్పేస్తాయి. తిరగేసి చూస్తే కొంచెం నయం. లేదా అంచు దగ్గర నాలుగు పోగులు పీకితే పేక బయటపడుతుంది. పీకిన పోగును పురికి ఎదురుగా తిప్పి చూడాలి. అది రెండు చక్కటి పోగులుగా విడిపోతే రెండు పోగుల నూలు. పీచు పీచుగా ఊడిపోతే ఒంటిపోగు.

పురిపెట్టిన నూలును తీసిపారేయాల్సిన పని లేదు. అది గట్టిది, అరుగుదలకు బాగా తట్టుకుంటుంది. 250 అని రాసి అమ్మితే అది మంచి సరుకే. 500 అని రాసి, 500కు తగ్గ ధర అడగడమే అభ్యంతరం. నాలుగేసి పురిపెట్టినవైతే వేరే ఇబ్బంది కూడా ఉంది. బట్ట బరువుగా, బిర్రుగా ఉంటుంది, ఉతికితే ఆరదు, ఒంగోలు ఎండకు కప్పుకుని పడుకునే బట్ట అసలే కాదు.

కొట్టులో మెత్తదనం, మూడో ఉతుకు తర్వాత మెత్తదనం

కొట్టులో చేతికి తెలిసే మెత్తదనంలో సగం నూలుది కాదు. మిల్లులో ఆఖరున సిలికాన్ సాఫ్ట్‌నర్ పట్టిస్తారు, లేదా పల్చటి బట్టను దట్టంగా చూపించడానికి గంజి ఎక్కిస్తారు. సాఫ్ట్‌నర్ కొన్ని ఉతుకుల్లో పోతుంది. గంజి ఒక్క ఉతుకుకే పోతుంది, దాంతోపాటు దుప్పటి కూడా జాలీలా అయిపోతుంది. బట్ట మూలను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా నలిపితే తెల్లటి పొడి రాలినా, నలిపిన చోట వెలుతురు ఎక్కువగా కనిపించినా గంజి ఎక్కువున్నట్టే. బండి మీద మూటలు కట్టుకుని ఊళ్లల్లో అమ్మేవాళ్ల దగ్గర ఈ చిన్న పరీక్ష తప్పకుండా చేసుకోవాలి. మంచి సరుకు తెచ్చేవాళ్లు దీనికేమీ నొచ్చుకోరు.

ముడతలు పడని దుప్పటి అన్నది ఇంకో ఆకర్షణ. పత్తి ముడత పడటం దాని స్వభావం. అది పడకుండా చేయాలంటే రెసిన్ అనే రసాయనం పట్టించి పీచుల్ని లోపల ఒకదానికొకటి కట్టేయాలి. అలా కట్టేశాక పీచుకు సాగే గుణం పోయి పెళుసవుతుంది. చిరుగుడుకూ, అరుగుదలకూ రెండింటికీ బలం తగ్గుతుంది. సన్న నూలు మీద ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. ఇస్త్రీ మిగులుతుంది, దుప్పటి త్వరగా పోతుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల కఠినం. ఆ నీళ్లలో బట్టల సబ్బు నురగ రాకపోవడమే కాదు, నీటిలోని కాల్షియంతో కలిసి తెట్టుగా మారి పోగుల మధ్య ఇరుక్కుంటుంది. తెల్ల దుప్పటి మట్టి రంగులోకి మారుతుంది, ఆరాక అట్టలా బిర్రుగా ఉంటుంది. కొనేటప్పుడు ఉన్న మెత్తదనం ఎటు పోయిందని నూలును తప్పుబడతారు, తప్పు నూలుది కాదు. పోగులు దట్టంగా ఉన్న బట్టలోంచి ఈ తెట్టు బయటికి రావడం ఇంకా కష్టం, అందుకే ఇలాంటి నీళ్లున్న చోట 300 శాటీన్ కన్నా 144 సాదా నేతే త్వరగా తేరుకుంటుంది. కఠిన జలంలో సబ్బు బిళ్ల కన్నా డిటర్జెంట్ పౌడరు నయం, జాడింపు ఒకసారి ఎక్కువ వేయాలి. తెల్లగా రావాలని ప్రతిసారీ బ్లీచింగ్ వేస్తే పత్తిలోని సెల్యులోజ్ దెబ్బతిని పోగులు పిండిగా అవుతాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో రోజంతా తీగ మీద వదిలేసినా నెమ్మదిగా అదే జరుగుతుంది. ఆరగానే తీసేయడం మంచిది.

ఆఖరుగా సైజు. తాను బట్ట కొలిపించి అంచు కుట్టించుకునేవాళ్లు ఇక్కడ ఇంకా చాలామందే ఉన్నారు, చీరాల బజారు నుంచి తెచ్చుకునే అలవాటు పోలేదు. ముందుగా కుంచింపజేయని కాటన్ మొదటి రెండు మూడు ఉతుకుల్లో నూటికి ఐదు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. పొడవులోనే ఎక్కువ, ఎందుకంటే మగ్గం మీద బిగదీసి ఉన్నది పడుగే. 78 అంగుళాల పరుపు, ఆరు అంగుళాల మందం అనుకుంటే రెండు వైపులా దిగడానికి 12 అంగుళాలు, కిందికి దోపడానికి ఎనిమిది కావాలి. మొత్తం 98. కొట్టులో 100 అంగుళాలున్న దుప్పటి సరిపోయినట్టే ఉంటుంది, నెల తిరిగేసరికి 95 అవుతుంది, రాత్రికి రాత్రే ఒక మూల ఊడి వస్తుంది. తాను బట్టకు 106 అంగుళాలు కోయించి, ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేశాక అంచు కుట్టించాలి. రెడీమేడ్ అయితే 108 అంగుళాల సైజు అడగాలి.